చంద్రగిరి దాటాక

చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సులో ఎంఏ ఫిలాసఫీ వ్యాసం దిద్దుకుంటున్నాను. ఏం రాస్తావుండావని పక్కసీటు ఆవిడ అడిగింది. తోటివాళ్లతో బంధంలోనే మనిషి మనిషవుతాడని, తప్పు జరిగితే ఆ బంధాన్ని మళ్లీ అతికించడమే న్యాయమని ఆఫ్రికా వాళ్ల ఉబుంటు అంటుందని చెప్పాను. ఊరికన్నా ముందే మనిషికి హక్కులున్నాయని, వాటిని ఊరు తీసేయలేదని పడమటి ఉదారవాదం అంటుందనీ చెప్పాను. నా మొగ్గు ఉబుంటు వైపే.

ఆవిడ నా వైపు తిరిగింది.

"వేరే కులమాయన్ని చేసుకున్నానని మావోళ్లు నన్ను ఇడిసిపెట్టినారు పాపా. అప్పుడు నన్ను కాపాడింది నువ్వు చెప్పిన రెండోదే, ఆ హక్కులే. రిజిస్టరు పెండ్లిని ఎవురూ ఆపలేకపోయినారు. నిన్న ఐరాలలో మా నాయన పోయినాడు. నేను ఆడికి పోతే, ఎవురూ రావద్దనలేదు. ఒక్క ఆడమనిసీ నా మెడ పట్టుకోని ఏడవలేదు. దానికి హక్కు యాడుండాది?"

మా వైపు చావింటికి వచ్చిన ఆడవాళ్లంతా కూతురి మెడ పట్టుకుని ఏడుస్తారు.

"మనుసుల వల్లే మనిసంటివే, ఆ మనుసులే నన్ను కాదంటే నేనెవురు?"

చంద్రగిరి దాటాక కాగితాలు సంచిలో పెట్టి, ఆమె మెడ చుట్టూ చేతులు వేశాను. అప్పుడు ఏడ్చింది, గొంతెత్తి.

"ఎవురు పోయినారమ్మా?" అని ముందుసీటాయన నన్నడిగాడు.

"మా నాయన," అన్నాను.