మంగళవారం మూడో గడి

ఓర్ఫా వీబ్‌ను పాటల టీచరు అనడం మర్యాద కోసమే. కెనడాలో, మానిటోబాలోని ఆ చిన్న బడిలో పాటకు వారానికి ఒక్కటే పీరియడ్, ఏడో తరగతికి, శుక్రవారం నాలుగోది. మిగతా కాలమంతా ఆవిడ లెక్కలు చెబుతుంది, మంచులో బస్సుల దగ్గర నిలబడుతుంది, మొరాయించిన జిరాక్స్ మిషన్‌కు బుద్ధి చెబుతుంది. ఎవరికీ పట్టని పనులన్నీ ఆమె బల్ల మీదకే చేరతాయి.

ఆగస్టు ఆఖర్లో ఏడో తరగతి టైంటేబుల్ కూడా అలాగే చేరింది. ప్రిన్సిపాల్ డ్వైట్ హార్క్‌నెస్ దాన్ని ఏటా పేజీలకొద్దీ ఉపన్యాసంలా రాస్తారు. చదివినవాళ్లు తలలూపేవారు, అర్థమైనవాళ్లు మాత్రం లేరు. ఈసారి తల్లిదండ్రులు పట్టిక కావాలని పట్టుబట్టారు.

ఓర్ఫా పైన రోజులు, పక్కన పీరియడ్లు రాసి గళ్లు గీసింది. శుక్రవారం పిల్లల్ని తొందరగా వదిలేస్తారు గనుక ఆ రోజు ఐదు, ఆరు గళ్లు కొట్టేసింది. ముందుగా తన పాటను దాని గడిలో రాసుకుంది. ఆపైన హార్క్‌నెస్ రాసిన ఒక్కో వాక్యాన్నీ గళ్లలోకి దించింది. “మంగళవారం మినహా రోజూ మూడో పీరియడ్ సైన్సు.” నాలుగు గళ్లు నిండాయి. “రోజూ చివరి పీరియడ్ వ్యాయామం, నేనే చూసుకుంటాను.” పిల్లల ఆరోగ్యం మీద ఆయనకు ఈ ఏడాదే పుట్టుకొచ్చిన ప్రేమ అది. సోమవారం నుంచి గురువారం దాకా ఆరో గడి. శుక్రవారం చివరిదంటే నాలుగోది. అక్కడ అప్పటికే పాట ఉంది. ఉన్న ఒక్క పాటా పోయేలా ఉంది.

పట్టిక పట్టుకుని ఆయన గదికి వెళ్లింది.

“ఒకే గడిలో రెండు పడ్డాయండీ.”

“నేను రాసినదాంట్లో ఏ గొడవా లేదే!”

“మీరు రాసినదాంట్లో పాట మొదటి పేజీలో ఉంది, వ్యాయామం మూడో పేజీలో ఉంది. అవి ఒకదాన్నొకటి చూసుకోలేదు, పాపం.”

“అయితే పాట తీసేయండి. వారంలో ఖాళీ ఎక్కడుంది?”

“మంగళవారం మూడోది ఖాళీయేగా! శుక్రవారం వ్యాయామం అక్కడ పెడదాం.”

హార్క్‌నెస్ కాఫీ కప్పు వైపు చూశారు. “అది ఖాళీ కాదు. పిల్లలు లైబ్రరీలో కూర్చుంటారు. నాకు... వేరే పనుంటుంది.”

ఆ పనేమిటో బడిలో అందరికీ తెలుసు. రోడ్డవతల బేకరీలో దాల్చినచెక్క రొట్టె ముందు కూర్చుని ఆయన విద్యావ్యవస్థ గురించి ఆలోచిస్తారు.

“సరేనండీ. ఇది తల్లిదండ్రులకు వెళ్లే కాగితం, ఉత్త లైబ్రరీ అని రాస్తే పిల్లల్ని ఎవరు చూస్తారని ఫోన్లు చేస్తారు. మీ పనేమిటో చెప్పండి, ఆ గడిలో అదే రాస్తాను.” ఓర్ఫా పెన్ను తెరిచి నిలబడింది.

ఆయన కిటికీలోంచి రోడ్డవతలి బేకరీ వైపు ఓసారి చూశారు.

“వ్యాయామం అని రాయండి,” అన్నారు చివరికి.

సెప్టెంబరులో మొదటి మంగళవారం, మూడో పీరియడ్‌లో హార్క్‌నెస్ మెడలో ఈలతో మైదానం చుట్టూ పరుగెత్తారు. శుక్రవారం నాలుగో పీరియడ్‌లో పిల్లలు శ్రుతి తప్పి పాడారు. ఓర్ఫా వాళ్లను తిట్టలేదు. కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి పాడమంది.