చుక్కలు లేని మధ్యాహ్నం

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు పక్కన, కొండకు దిగువన, ఆ రోజుల్లో ఒక ధర్మాసుపత్రి ఉండేది. జనం దాన్ని గట్టుకింద ఆసుపత్రి అనేవాళ్లు. అక్కడ నర్సుగా చేసే రెబెకమ్మ కోపిష్టి మనిషని పేరు. మురికి గుడ్డతో పసిబిడ్డను తుడిచే అవ్వలను తిట్టేది, మంచాల కింద బీడీలు ఆర్పే మగవాళ్లను తిట్టేది, పెద్దడాక్టరు ఆలస్యంగా వస్తే గోడవైపు తిరిగి ఆయన్ను కూడా తిట్టేది. భర్త పెళ్లయిన కొద్దికాలానికే టైఫాయిడ్‌తో పోయాడు. పిల్లల్లేరు. పెరట్లో నాలుగు కోళ్లు, ఒక బైబిలు, ఉడికించి ఉడికించి పలచబడిన రెండు తెల్లచీరలు, ఇదీ ఆమె సంసారం.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, ఎండలు ముదిరే రోజుల్లో, చెంచులక్ష్మి అనే మనిషిని ఎద్దులబండిలో తీసుకొచ్చారు. జలదంకి వైపు ఒక చెరువు పక్క పల్లె వాళ్లది. ఆమె భర్త మాల్యాద్రి చెరువులో చేపలు పట్టేవాడు, పనులు దొరికినప్పుడు కూలికి పోయేవాడు. తెల్లవారేసరికి ఆడబిడ్డ పుట్టింది. బిడ్డ బాగానే ఉంది కానీ తల్లికి రక్తం పోవాల్సిన దానికంటే ఎక్కువ పోయింది. పెద్దడాక్టరు బాలసుబ్రహ్మణ్యం ఇంజక్షను ఇచ్చి, రెండు గంటలకొకసారి నాడి, రక్తపోటు చూడమనీ, నాలుగు గంటలకొకసారి జ్వరం చూడమనీ, తేడా వస్తే వెంటనే తనను పిలవమనీ రాసి వెళ్లాడు. ఆయన రాసింది సరైన వైద్యమేనని రెబెకమ్మ తర్వాత కూడా ఒప్పుకునేది.

మంచానికి కాళ్లవైపు అట్టకు తగిలించిన చార్టు మీద పైన గంటలు, ఎడమవైపు రెండు కొలతలు ఉంటాయి. ఒకటి జ్వరానికి, ఒకటి నాడికి. గళ్లు మాత్రం రెండింటికీ అవే. అందుకని జ్వరానికి నీలం పెన్సిలుతో, నాడికి ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టి, వెనకటి చుక్కకు గీతతో కలుపుతారు. రక్తపోటుకు చుక్కలు ఉండవు. అడుగున ప్రతి గంటకూ ఒక గడి, అందులో అంకెలు రాయాలి. చూసినవాళ్లు దాని కిందే తమ పేరు పొడి అక్షరం వేయాలి.

ఉదయం ఆరుకు నాడి తొంభై రెండు, రక్తపోటు నూటపది మీద డెబ్భై. మధ్యాహ్నం పన్నెండు అయ్యేసరికి నాడి నూట ఎనిమిదికి ఎక్కింది, రక్తపోటు తొంభై ఎనిమిది మీద అరవై నాలుగుకు దిగింది. ఒకటి ఎక్కుతూ ఒకటి దిగుతూ ఉంటే లోపల ఇంకా రక్తం పోతున్నదని అర్థం. రెబెకమ్మ చార్టు పట్టుకుని డాక్టరు కోసం పోయింది.

ఆయన కొత్త వార్డు ముందు పందిరి కింద ఉన్నాడు. ఆ వార్డుకు డబ్బిచ్చిన మద్రాసు దాతలు ఆ మధ్యాహ్నం వస్తున్నారు. ఆయన చార్టు వైపు ఒకసారి చూసి, వాళ్లు రాగానే వచ్చి చూస్తానన్నాడు. అంతలో నర్సులంతా తెల్లచీరల్లో వరసగా నిలబడాలని చెప్పాడు. వార్డులో ఒక్కరైనా ఉండాలని ఆమె అంటే, ఆయా మస్తానమ్మ ఉందిగదా అన్నాడు. మస్తానమ్మ మంచి మనిషే, కానీ ఆమెకు గడియారం చూడటం రాదు, రక్తపోటు మిషను చూడటం అంతకంటే రాదు. రెబెకమ్మ రెండోసారి కూడా చెప్పింది. ఆయన మొహం మాడ్చుకుని, మాట వినని నర్సు తనకు అక్కర్లేదన్నాడు. ఆమె పోయి వరసలో నిలబడింది.

కార్లు ఆలస్యంగా వచ్చాయి. పూలదండలు, ప్రసంగాలు, టీ, ఫోటో. ఐదు గంటలకు మస్తానమ్మ పరుగెత్తుకొచ్చి, తల్లి పిలిచినా పలకడం లేదని చెప్పింది. రెబెకమ్మ పోయి చూస్తే నాడి నూట నలభై, రక్తపోటు డెబ్భై మీద నలభై, ఒళ్లు చల్లబడి తొంభై ఏడు. పరుపు తడిసిపోయింది. డాక్టరు వచ్చి సెలైను ఎక్కించాడు, చేతనైనదంతా చేశాడు. పొద్దు గుంకేలోపు చెంచులక్ష్మి పోయింది.

ఐదు గంటల చుక్కలు పెట్టినప్పుడు రెబెకమ్మ వాటిని వెనకటి చుక్కలకు కలపలేదు. మధ్యలో చూడకపోతే గీత కలపకూడదని ఆమెకు శిక్షణలోనే నేర్పించారు. రెండు గంటల దగ్గరా నాలుగు గంటల దగ్గరా చార్టు ఖాళీగానే ఉండిపోయింది.

మాల్యాద్రి భార్యను పూడ్చిపెట్టి, బిడ్డను అక్కకు అప్పగించి, తిరిగొచ్చి ఆసుపత్రి గేటు దగ్గర కూర్చున్నాడు. ఎవరు చెప్పినా లేవలేదు. ఆత్మకూరులో ఒకరిచేత అర్జీ రాయించి కలెక్టరుకు పంపాడు. దాని మీద విచారణ పడింది. విచారణకు వచ్చే వైద్యాధికారి ముందుగా ఒక పట్టీ కోరాడు. చార్టులో ఉన్నవన్నీ గంటల ప్రకారం వరసలుగా, టైపు కొట్టి పంపమన్నాడు.

ఆ పని గుమాస్తా యేసురత్నం మీద పడింది. పట్టీ తయారయ్యాక దాన్ని తెచ్చి, వార్డు నర్సుగా కింద సంతకం చేయమని రెబెకమ్మకు ఇచ్చాడు. ఆమె పైనుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చింది. ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, అన్నీ సరిగానే ఉన్నాయి. ఆ తర్వాత రెండు గంటలకు నాడి నూట ఇరవై, జ్వరం తొంభై ఏడూ పాయింటు ఆరు. నాలుగు గంటలకు నాడి నూట ముప్పై నాలుగు. రక్తపోటు గళ్లు మాత్రం ఖాళీ. చూసినవారు అన్న చోట, పైన ఉన్న ఆమె పొడి అక్షరం కింద రెండు వరసలకూ 'పైదే' అనే అర్థంతో రెండేసి గీతలు.

ఈ అంకెలు ఎక్కడివని ఆమె అడిగింది. చార్టులోవే అన్నాడు యేసురత్నం. చార్టు తెప్పించింది. పన్నెండు గంటల చుక్క నుంచి ఐదు గంటల చుక్కకు తిన్నగా ఎర్రగీత ఉంది. అది పెన్సిలు గీత కాదు, ఎర్రసిరా. అలాగే జ్వరం చుక్కలు కలుపుతూ నీలం సిరా గీత. యేసురత్నం ఆ గీతలు రెండు, నాలుగు గంటల నిలువుగీతలను ఎక్కడ దాటాయో చూసి, పక్కనున్న కొలత చదివి, అంకె వేసుకున్నాడు.

"చుక్క యాడుండాదిరా ఇక్కడ?" అని అడిగింది రెబెకమ్మ. "నువ్వు చదివింది గీతను. గీత ఎవుడైనా గీస్తాడు. చుక్క పెట్టాలంటే మంచం దగ్గర మనిషి నిలబడాల."

ఆమెకు కోపం అప్పుడింకా పూర్తిగా రాలేదు. పట్టీ మళ్లీ చదివాక వచ్చింది. ఆ రెండు వరసలు నిజమైతే, రోగి దిగజారిపోతుంటే నర్సు రెండుసార్లు కళ్లారా చూసి, డాక్టరుకు చెప్పకుండా ఊరుకుందని అర్థం. ఆ చావు భారం ఆ రెండేసి గీతలతో పందిరి కింద నుంచి ఆమె నెత్తి మీదికి వచ్చేసింది.

డాక్టరు గదికి పోయింది. ఆయన కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. చార్టు అసహ్యంగా ఉంటే చుక్కలు కలిపాననీ, అందరూ కలిపేదేననీ ఆయన నెమ్మదిగా చెప్పాడు. రక్తపోటు గళ్లు ఖాళీగా ఉంటే బాగుండదు కనుక ఒకదానిలో తొంభై మీద అరవై, ఇంకోదానిలో ఎనభై మీద యాభై వేయమన్నాడు. మహా అయితే నీకొక మందలింపు వస్తుంది, ఉద్యోగానికి నేను పూచీ అన్నాడు. ఆసుపత్రి మూతబడితే ఈ చుట్టుపక్కల ఆడవాళ్లంతా ఎక్కడికి పోతారని కూడా అడిగాడు. ఆ ప్రశ్నలో కొంత నిజం ఉంది. దానికే ఆమెకు ఒళ్లు మరింత మండింది.

"ఆ మధ్యాహ్నం ఆమెను ఎవరూ చూడలేదు డాక్టరుగారూ. మీరూ చూడలేదు, నేనూ చూడలేదు. చూసినట్టు రాస్తే ఆమెను రెండోసారి చంపినట్టు. నేను రాయను."

సంతకం లేకుండానే పట్టీ పోయింది.

విచారణ ఆత్మకూరు ట్రావెలర్సు బంగళాలో జరిగింది. మాల్యాద్రిని వరండా మెట్ల మీద కూర్చోబెట్టారు. లోపల డాక్టరు చెప్పిందంతా వైద్యాధికారి శ్రద్ధగా విన్నాడు. తర్వాత రెబెకమ్మను పిలిచి, రెండు గంటలకు నూట ఇరవై చూసి ఎందుకు ఊరుకున్నావని అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా అసలు చార్టు అడిగింది. దాన్ని బల్ల మీద పరిచి, తానే గంట గంటకూ చదివింది. చుక్క ఉన్నచోట అంకె చెప్పింది. లేనిచోట, "చూడలేదు" అంది. నాలుగు గంటల దగ్గరా అదే మాట. చూడకపోవడానికి ఆ సమయంలో తానెక్కడ నిలబడిందో, ఎవరు నిలబడమన్నారో చెప్పింది. ఆ గొంతు బంగళా బయటికి వినపడింది.

డాక్టరు అడ్డొచ్చి, భయంతో ఇప్పుడు మాట మారుస్తున్నదన్నాడు. వైద్యాధికారి చార్టును కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో తిప్పి చూశాడు. చుక్కలన్నీ పెన్సిలు, పన్నెండు తర్వాతి గీతలు మాత్రం సిరా. రక్తపోటు గళ్లలో రెండు గంటలకూ నాలుగు గంటలకూ ఏమీ లేదు, వాటి కింద పొడి అక్షరమూ లేదు. యేసురత్నాన్ని పిలిచి, చుక్క చూసి రాశావా, గీత చూసి రాశావా అని అడిగాడు. యేసురత్నం డాక్టరు వైపు చూశాడు, రెబెకమ్మ వైపు చూశాడు. గీత చూసి రాశానని చెప్పాడు. చెప్పి ఏడ్చాడు.

వైద్యాధికారి ఆ రెండు వరసలనూ కొట్టేయించి, 'పరీక్ష జరగలేదు' అని రాయించాడు. అయితే కథ అంతటితో చక్కబడలేదు. నిర్లక్ష్యమని ఒక మాట రాసి డాక్టరును హెచ్చరించారు. ఆయన కొన్ని నెలల తర్వాత వేరే ఊరికి పోయి ఇంతకంటే పెద్ద ఆసుపత్రిలో చేరాడు. పైవాళ్ల ఆజ్ఞ అయినా సరే వార్డు వదిలినందుకు రెబెకమ్మకూ శిక్ష పడింది. ఆసుపత్రి కమిటీ ఆమెను తీసేసింది. యేసురత్నాన్ని ఉంచారు.

ఆ సాయంత్రం బంగళా మెట్లు దిగుతుంటే మాల్యాద్రి లేచి నిలబడ్డాడు. ఆమె నిజం చెప్పినందుకు అతను ఏదైనా మంచి మాట అంటాడని పక్కనున్నవాళ్లు అనుకున్నారు.

"నర్సమ్మా, వార్డు వదిలి పోకూడదని నీకు తెలుసు గదా. తెలిసీ పోయినావే," అన్నాడు మాల్యాద్రి.

"పోయినాను," అంది రెబెకమ్మ.

అతను తుండు భుజాన వేసుకుని, కలిగిరి వైపు బస్సు కోసం నడిచిపోయాడు.

రెబెకమ్మ ఆత్మకూరులోనే ఒక గది అద్దెకు తీసుకుని, ఇళ్లకు పోయి కాన్పులు చేస్తూ బతికింది. పిలవడానికి వచ్చినవాళ్లు ఆమె తిట్లకు భయపడేవాళ్లు, అయినా ఆమెనే పిలిచేవాళ్లు. కాన్పు అయ్యాక తల్లి నాడి పట్టుకుని పక్కనే కూర్చునేది. పీట వేసి కాఫీ ఇస్తే ఒక చేత్తోనే తాగేది. ఇంటివాళ్లు వెళ్లి పడుకోమని బతిమాలితే కసురుకునేది. డాక్టరు బాలసుబ్రహ్మణ్యం చనిపోయాడని ఎవరో చెప్పినప్పుడు, ప్రార్థన చేద్దామా అని చర్చిలో పెద్దలు అడిగారు. మీరు చేసుకోండని చెప్పి ఆమె లేచి వెళ్లిపోయింది.