ఎడమకంట్లో పువ్వు

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అవసరం పడలేదు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ టచింగక్క. బస్టాండు ఎదురుగా ఇరుకు మెట్లెక్కితే ఫొటో స్టూడియో, దాని లోపలి గదిలో కిటికీకి నల్లగుడ్డ కట్టిన మూల ఆవిడది. ఇరవై రెండేళ్లుగా అక్కడే కంప్యూటరు ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల మొహాలు సరిచేస్తోంది. మొటిమలు తీసేస్తుంది, కళ్లకింద నలుపు తగ్గిస్తుంది, అయినా మనిషిని మాత్రం మనిషిలాగే ఉంచుతుంది. అదీ ఆవిడ గొప్ప. ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు, అక్కడే వచ్చింది చిక్కంతా.

వేరే స్టూడియోలో చేయించుకున్న ఫొటో ఎవరైనా తెచ్చి చూపిస్తే చాలు, నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

“ఇవేం పళ్లమ్మా! నోట్లో ట్యూబ్‌లైటు పెట్టుకున్నాడా? పన్నుకీ పన్నుకీ మధ్య గీతే లేదు, గోడకి సున్నం కొట్టినట్టు కొట్టేశాడు. కంటి తెల్లగుడ్డు కంటే పన్ను తెల్లగా ఉంటే చూసేవాడికి వెంటనే అనుమానం వస్తుంది, తెలుసా?”

తను అలా చెయ్యదు. పళ్ల చుట్టూ గీత గీసి, అంచు మెత్తబరిచి, ముందు పసుపుదనం సగానికి తగ్గిస్తుంది. మొత్తం తీసేస్తే పళ్లు బూడిదరంగుకి తిరుగుతాయి. ఆ తర్వాత వెలుగు ఒక్క పిసరు పెంచుతుంది. నోటి మూలల్లో పళ్లు నీడలో ఉంటాయి గనక వాటి జోలికి పోదు. అంతా అయ్యాక ఆ మార్పుని ఇంకా పలచన చేసి, కుర్చీ వెనక్కి జరుపుకుని దూరం నుంచి చూస్తుంది. ఏం చేసిందో తనకే వెతుక్కోవలసి వస్తే అప్పుడు పని అయినట్టు.

మూడు నెలల కిందట గడియారాల తాత ఫొటో వచ్చింది. యాభై ఏళ్లు మార్కెట్టు మూల గడియారాలు బాగుచేసిన మనిషి. ఎప్పుడో స్ప్రింగు ముక్క ఎగిరి ఎడమకంట్లో గుచ్చుకుని, నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు వేసింది. ముందుపన్ను ఒకటి చచ్చిపోయి గోధుమరంగుకి తిరిగింది. కూతురు బళ్లో టీచరు, పెళ్లి చేసుకోలేదు, తండ్రితోనే ఉంటుంది. ఈమధ్య ఆయనకి మతిమరుపు ఎక్కువైందనీ, ఇంకా బాగున్నప్పుడే ఒక మంచి ఫొటో గోడమీద పెట్టుకోవాలనీ తీసుకొచ్చింది.

“ఆ పన్ను ఒక్కటీ కొంచెం చూడక్కా,” అంది టీచరు. “మరీ ప్లాస్టిక్కులా చెయ్యకు.”

పన్ను గురించే అడిగింది. కంటి గురించి అడగలేదు. ఈ మాట తర్వాత టచింగక్క ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు.

పన్ను పావుగంటలో అయిపోయింది. దాన్ని పక్కపళ్ల రంగుకి తెచ్చి, మళ్లీ ఒక చాయ తగ్గించి వదిలింది. అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ కన్ను ఆవిడ చేతిని ఊరికే ఉండనివ్వలేదు. చేతకానివాడైతే కుడికన్ను తిప్పి ఎడమవైపు అంటించేస్తాడు. అప్పుడు కంట్లో మెరుపుచుక్క తప్పు పక్కకి పడి మనిషి బొమ్మలా అయిపోతాడు. తెల్లపువ్వు మీద తిన్నగా గోధుమరంగు పులిమినా అది పాలిపోయే కనిపిస్తుంది. ఆవిడ ముందు ఆ తెలుపుని మెల్లమెల్లగా చీకటిచేసింది. ఆ పైన వేరే పొర మీద కుడికంటి నుంచే ఎత్తుకున్న రంగుని పలచగా అద్దింది. పైరెప్ప నీడ పడేచోట ముదురుగా, కింద కాస్త లేతగా. కంటిపాపని కటిక నలుపు చెయ్యలేదు. మెరుపుచుక్కని ముట్టుకోలేదు. రెండు గంటలు పట్టింది. తాత రెండు కళ్లతోనూ చూశాడు.

ఫొటో చూసి టీచరు కళ్లనీళ్లు పెట్టుకుంది. “అచ్చం మా నాన్నే అక్కా! అసలు ఏమీ మార్చినట్టే లేదు,” అంది. టచింగక్క ఫొటోని కవర్లో పెట్టి ఇచ్చింది. ఆ రోజు ఇంటికి నడుస్తున్నంతసేపూ తనలో తనే నవ్వుకుంది.

సోమవారం పొద్దున్న స్టూడియో తలుపులు ఇంకా సగం తెరిచి ఉండగానే టీచరు మెట్లెక్కి పరుగున వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు, కాళ్లకి రెండు వేరువేరు చెప్పులు.

“నాన్న కనపడట్లేదక్కా! నిన్న సాయంత్రం నేను స్నానానికి వెళ్లొచ్చేసరికి తలుపు తీసుంది. పోలీసులు పోస్టరు వేయించమన్నారు. నీ దగ్గర ఫొటో ఉంది కదా, అదే వెయ్యి. దాంట్లోనే బాగా ఉన్నాడు.”

టచింగక్క ఫైలు తెరిచింది. తాత నవ్వుతూ రెండు గోధుమరంగు కళ్లతో తెర నిండా ప్రత్యక్షమయ్యాడు.

పొరలన్నీ అలాగే ఉన్నాయి. పక్కన వరసగా చిన్నచిన్న గుర్తులు, ఒక్కొక్కదాన్నీ నొక్కితే ఆ పొర మాయమై కిందున్న అసలు ఫొటో బయటపడుతుంది. ఒక్క నొక్కు. కానీ టీచరు భుజం పక్కనే నిలబడి తెర చూస్తోంది. ఇప్పుడు నొక్కితే? ‘అదేమిటక్కా, నాన్న కన్ను మార్చేశావా? నేను అడగలేదే!’ అంటుంది. మూడు నెలల కిందట పెట్టుకున్న కన్నీళ్లు కూడా వెనక్కి తీసుకుంటుంది. తల కొట్టేసినట్టవుతుంది. అయినా మొహం మొహమేగా, ముక్కూ నుదురూ ఎక్కడికి పోతాయి, అని ఆవిడ తనకి తనే నచ్చజెప్పుకుంది.

“గుర్తులేమైనా రాయాలా టీచరమ్మా?” అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

“నీలం చొక్కా, బూడిదరంగు ప్యాంటు. ఇంకేం రాస్తాం, ఫొటో ఉందిగా!”

నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. మధ్యాహ్నానికల్లా పోస్టర్లు బస్టాండు స్తంభాల మీదా, టీకొట్టు గోడ మీదా, ఆస్పత్రి గేటు మీదా అంటించేశారు. టచింగక్క కూడా జిగురు డబ్బా పట్టుకుని వెంట తిరిగింది. నాలుగు పోస్టర్లు తన చేత్తోనే అంటించింది.

రెండురోజులు గడిచాయి. అన్నం సయించలేదు. దొరికేస్తాడులే, ఏమీ కాదులే అనుకుంటూ నెట్టుకొచ్చింది.

బుధవారం పొద్దున్న టీ తాగడానికి దిగితే, ఈమధ్యే ఈ ఊరొచ్చి కొట్టు పెట్టిన టీకొట్టాయన గ్లాసు చేతికిచ్చి గోడవైపు గడ్డం చూపించాడు.

“ఆ ముసలాయన ఇంకా దొరకలేదా అక్కా? పాపం. నిన్న పొద్దున్న ఒకాయన వచ్చి సరిగ్గా ఆ పోస్టరు కిందే కూర్చున్నాడు. ఏమడిగినా నవ్వుతాడే తప్ప మాట లేదు. ఆయనేనేమో అని పోస్టరు పక్కన మొహం పెట్టి మరీ చూశాను. కాదు. ఈయనకి ఒక కంట్లో ఇంత తెల్లపువ్వు ఉంది, ముందుపన్ను పుచ్చిపోయింది. సరే పోనీలే అని టీ ఇచ్చి పంపేశాను.”

“నీలం చొక్కానా?”

“మాసిపోయింది, నీలమో నలుపో. ఏం?”

ఆవిడ గ్లాసు బల్లమీద పెట్టింది. ఎలా మెట్లెక్కిందో తెలీదు, తెర ముందు కూర్చుని గుర్తులన్నీ ఒకదాని తర్వాత ఒకటి నొక్కింది. కన్ను తెల్లబడింది, పన్ను నల్లబడింది. ఇదిగో, ఈయనే గడియారాల తాత. ప్రింటు తీసుకుని టీచరు ఇంటికి పరిగెత్తింది.

నిజం చెప్పెయ్యాలనే వెళ్లింది. గుమ్మంలో టీచరు మొహం చూసేసరికి నాలుక తిరగలేదు.

“ఇంకో ఫొటో దొరికింది. దీంట్లో బాగా గుర్తుపడతారు,” అంది. టీచరు ఉన్న ఆత్రంలో దాన్ని సరిగ్గా చూడను కూడా లేదు. ఇద్దరూ పోలీస్‌స్టేషన్‌కీ, అక్కడి నుంచి ఆస్పత్రికీ వెళ్లారు. ప్రింటు చూడగానే గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. “ఈయన లోపలే ఉన్నాడమ్మా. నిన్న మధ్యాహ్నం రోడ్డు దాటుతూ పడిపోతే తీసుకొచ్చారు.”

పేరు తెలియని రోగుల వరసలో చివరి మంచం. తాత పడుకుని ఉన్నాడు, కాలికి బరువు కట్టి వేలాడదీశారు. తుంటి విరిగింది. ఆపరేషన్ చేస్తామన్నారు గానీ, ఈ వయసులో మళ్లీ నడవడం కష్టమేనని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. నిన్న మధ్యాహ్నం. టీకొట్టు దగ్గర లేచి వెళ్లిపోయిన నాలుగు గంటలకి. టచింగక్క మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది.

ఏడ్చి ఏడ్చి టీచరు ఒక్కసారిగా నర్సు మీదికి తిరిగింది.

“గేటుకే పోస్టరు అంటించామే! ఒక్కళ్లైనా చూడలేదా? నిన్నటి నుంచీ నా తండ్రి దిక్కులేనివాడిలా పడి ఉంటే, కళ్లున్నాయా మీకసలు?”

నర్సు చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా అయినట్టు లేదు.

“చూశానమ్మా. రాత్రి నేనే గేటు దగ్గర పోస్టరు చూసొచ్చి ఈయన పక్కన నిలబడి పోల్చుకున్నాను. కాదనుకున్నాను. ఎందుకలా అనిపించిందో నాకే తెలీట్లేదు. తప్పు నాదేనమ్మా, క్షమించండి.”

“క్షమించాలా? పెద్ద డాక్టరుకి చెప్తానుండు!”

ఆ పిల్ల తలదించుకుని గౌను అంచు నలుపుతూ నిలబడింది. కన్నీళ్లు బొటబొటా రాలుతున్నాయి. టచింగక్కకి అదే మంచి అవకాశం. నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. తన పని అంత బాగా కుదిరింది మరి.

“ఆ పిల్లనేమీ అనకు టీచరమ్మా,” అంది. సంచిలోంచి పోస్టరు ఒకటి తీసి, కొత్త ప్రింటు పక్కనే మంచం మీద పరిచింది. “ఈ అమ్మాయికి కళ్లున్నాయి. అందుకే పోల్చుకోలేకపోయింది. మీ నాన్న కంట్లో పువ్వు నేను తీసేశాను. పన్ను నువ్వడిగావు. కన్ను నువ్వడగలేదు, నేనే చేశాను.”

టీచరు ముందు పోస్టరు చూసింది. తర్వాత ప్రింటు. తర్వాత తండ్రి మొహం. చాలాసేపు ఆ మూడింటి మధ్యే తిరిగాయి కళ్లు.

“మూడు నెలలు గోడమీద పెట్టుకుని చూశాను,” అంది మెల్లగా. “నాకూ తెలీలేదు.”

టచింగక్కకి ఒక్క క్షణం ఊపిరాడింది. తిడుతుందనుకుంది, తిట్టలేదు. అప్పుడు టీచరు తలెత్తింది.

“సోమవారం పోస్టరు చేసేటప్పుడు నేను నీ పక్కనే ఉన్నానక్కా. అప్పుడు నీకు గుర్తుందా, కన్ను మార్చానని?”

లేదని చెప్పొచ్చు. రోజుకి యాభై మొహాలు చేసే మనిషికి మర్చిపోవడం ఏమంత వింత కాదు, ఎవరైనా నమ్ముతారు.

“గుర్తుంది,” అంది టచింగక్క.

టీచరు నర్సు దగ్గరికి వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. తర్వాత కుర్చీ లాక్కుని, టచింగక్కకి వీపు చూపిస్తూ తండ్రి మంచం పక్కన కూర్చుంది.