నాలుగు గళ్ళలో అమ్మ

అమ్మ పోయినప్పుడు నేను ఏడో తరగతి. కామెర్లతో పోయింది. కానీ నాకు గుర్తున్న అమ్మ అంతకుముందే సగం లేనట్టు ఉండేది. లాలాగూడ రైల్వే క్వార్టర్‌లో గోడవైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని రోజుల తరబడి పడుకునేది. బడి నుంచి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, ఊపిరి ఆడుతోందా అని చూసేదాన్ని.

ఎమ్మెస్సీలో ఉండగా, హాస్టల్ గదిలో ఒక మధ్యాహ్నం మెలకువ వచ్చేసరికి నేనూ అలాగే పడుకుని ఉన్నాను. అదే గోడవైపు, చెంప కింద అదే చెయ్యి. లేవడానికి భయమేసింది. నేను లేచినా ఆ మంచం మీద ఆమె మిగిలి ఉంటుందేమో అనిపించింది.

దిగులు నాకు కొత్త కాదు. ఇంటర్ అయ్యాక ఒకసారి, డిగ్రీలో ఒకసారి వచ్చి, నెలల పాటు ఉండి తగ్గింది. ఇది మూడోసారి. మెస్‌లో కనిపించడం లేదని పక్క గది అమ్మాయి తలుపు కొట్టి, నన్ను క్యాంపస్‌లోని కౌన్సెలింగ్ గదికి తీసుకెళ్ళింది.

అక్కడి సైకాలజిస్టు మేడం మొదటిరోజు ఎక్కువగా వింది. నిద్రే అక్కర్లేనంత ఉత్సాహం వచ్చిన రోజులు ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది.

"పొద్దున మెలకువ రాకుంటే మంచిగుండు అనిపిస్తది మేడం. ఏమన్న చేసుకోవాలని అయితే లేదు."

అది మారితే ఎవరికి చెప్తానో నా నోటితోనే చెప్పించింది. థైరాయిడ్ తేడా వల్ల కూడా దిగులు రావొచ్చని, ఆ పరీక్ష చేయించుకోమని, ఒకసారి సైకియాట్రిస్టును కూడా కలవమని పంపింది.

మరుసటి వారం తెల్లకాగితం మీద నాలుగు గళ్ళు గీసింది. "దీన్ని ఫార్ములేషన్ అంటం. నీకే ఎందుకు, ఇప్పుడే ఎందుకు, ఎందుకు పోతలేదు, నిన్ను ఏది నిలబెడుతున్నది. ఇద్దరం కలిసి రాద్దాం."

మొదటి గడిలోకి అమ్మకున్న దిగులు జబ్బు, చిన్నప్పుడే ఆమె పోవడం వెళ్ళాయి. రెండో గడికి పరీక్షలు అన్నాను.

"పరీక్షలు ప్రతి సెమిస్టర్ ఉంటయి కదా. మూడుసార్లు గూడ ఇది మొదలవడానికి ముందు ఏమైంది?"

ఈసారి నా రూమ్మేట్ ఉద్యోగం వచ్చి ఖాళీ చేసి వెళ్ళింది. డిగ్రీలో ప్రాణస్నేహితురాలు పెళ్ళయి వెళ్ళిపోయింది. ఇంటర్ అయ్యాక అన్న కాజీపేటకు వెళ్ళిపోయాడు. చెప్తుంటే నా గొంతు నాకే వేరేవాళ్ళదిలా వినిపించింది. ప్రతిసారీ ఎవరో ఒకరు గుమ్మం దాటారు.

మూడో గడి త్వరగా నిండింది. ల్యాబ్ ఎగ్గొట్టడం, పగలు నిద్రపోవడం, రాత్రి మేలుకోవడం, నాన్న ఫోన్ ఎత్తకపోవడం, వెనకబడ్డానన్న సిగ్గుతో మళ్ళీ పడుకోవడం.

"దిగులు మొదలైనప్పుడు ఏమనుకుంటవ్?"

"అమ్మ వచ్చింది అనుకుంట. ఇగ నేను గూడ గంతే అనుకుంట."

మేడం అదీ మూడో గడిలోనే రాసింది. "అమ్మ జబ్బు నీకు దిగులు వచ్చే అవకాశాన్ని పెంచి ఉండొచ్చు. కానీ అది నీ నుదుటి రాత కాదు. నువ్వు అమ్మవే అవుతున్నవన్న భయం వేరు. ఆ భయమే నిన్ను మంచం మీద కట్టేస్తున్నది. దాని మీద మనం పని చేయొచ్చు."

నాలుగో గడికి ఏమీ లేదన్నాను. "నిన్ను గీడికి ఎవరు తెచ్చిండ్రు?" అంది. పక్క గది అమ్మాయిని రాశాం. నేను ఎత్తకపోయినా రోజూ మోగే నాన్న ఫోన్‌ను రాశాం. "ఇది తీర్పు కాదు, మన అంచనా. తప్పయితే మారుస్తం. అమ్మ గురించి నాన్నను అడిగి చూడు."

ఆదివారం లాలాగూడ వెళ్ళాను. అమ్మ గురించి నాన్నను అడిగాను.

"మీ అమ్మ పండుకున్న దినాలే నీకు యాదికున్నయా బిడ్డా? దవాఖానకు పోయింది, గోలీలు మింగింది, లేచింది. నీ బడి గౌన్లన్నీ ఆమెనే కుట్టింది. జరం ముదిరి కామెర్లయినయ్ గానీ, పోయే ముందు ఏడాదంత ఆమె మంచిగనే ఉండె."

ఆ ఏడాది నాకు అసలు గుర్తులేదు. లేచి తిరుగుతున్న అమ్మను తలుచుకోవాలని ఎంత ప్రయత్నించినా వీపే కనిపించింది. ఏడ్చాను. నాన్నా ఏడ్చాడు.

తరువాతి వారం మేడం ఆ మాట విని, గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ చిన్నపిల్ల భయంతో చూసినవే మనసులో దాచుకుందేమో అంది. నాలుగో గడిలో 'అమ్మ లేచింది' అని నాతో రాయించింది. మనసు ఎలా ఉన్నా రోజూ ల్యాబ్‌లో కాసేపు ఉండాలని, ఎవరైనా వెళ్ళిపోతున్నారని తెలియగానే పక్క గది అమ్మాయికి చెప్పాలని అనుకున్నాం. నెలలు పట్టింది, కానీ తేలిక పడ్డాను.

మరుసటి వానాకాలం, పక్క గది అమ్మాయి చదువు ముగించి వెళ్ళిపోయాక, ఆ దిగులు మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నం మంచం మీద నా పక్కనే ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపించింది. భయపడుతూనే లేచి నాన్నకు ఫోన్ చేశాను. లాలాగూడ నుంచి బస్సులో మా హాస్టల్ దగ్గరి తార్నాకకు వచ్చాడు. నేను వెళ్ళేసరికి వానకు తడిసి మెట్రో స్టేషన్ కింద నిలబడి ఉన్నాడు. "చాయ్ తాగుదాం పా," అన్నాడు.