ఆ అప్పు దాలమ్మదే

మా సాలూరులో లారీ లేనివాడికి కూడా లారీ గురించి అభిప్రాయం ఉంటుంది. టైర్ల షాపువాణ్ణి, నాకు రెండు ఎక్కువే ఉంటాయి. దాలమ్మ వదిన విషయంలో మాత్రం నా తెలివి తెల్లారింది. ఒప్పుకుంటున్నాను.

అన్నయ్య పోయేనాటికి లారీ మీద ముప్పయ్యారు వాయిదాలు మిగిలాయి. అప్పు పత్రంలో వదిన సంతకమూ ఉంది. లారీ అమ్మేయమని అందరం చెప్పాం. ఆవిడ వినలేదు. డ్రైవర్ని పెట్టుకుని, లోడింగు దగ్గర తనే నిలబడి, ఒక్క నెల తప్పకుండా కట్టి, బాకీ లేదన్న కాగితం తెచ్చుకుంది.

అప్పు తీరిన రెండేళ్లకు రెండో లారీ బేరం కుదిరింది. అమ్మేవాడు నెలన్నర ఆగుతానన్నాడు. బ్యాంకుకెళితే లోను రాదన్నారు. పాత అప్పు ఇంకా బాకీ ఉన్నట్టే క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తోందట. తీరిపోయిన సంగతి ఫైనాన్సు కంపెనీ ఆ రిపోర్టు తయారుచేసే కంపెనీకి పంపనే లేదు.

నేనే ఆవిణ్ణి విజయనగరంలో ప్రదీప్ అనే ఏజెంటు ఆఫీసుకు తీసుకెళ్లాను. స్కోరు బాగుచేస్తాం, అప్పులు చెరిపేస్తాం అని బోర్డు. పద్దెనిమిది వేలు ఫీజు, సగం ముందు. నెలలో ఆ లోను రిపోర్టులో ఉండదని హామీ ఇచ్చాడు. వదిన తొమ్మిది వేలూ తీసి, సంతకం పెట్టమన్న కాగితం నా చేత చదివించింది. 'ఈ అప్పు నాది కాదు' అని ఉంది.

"ఇది అబద్ధం గదా బాబూ" అంది.

అందరూ ఇలాగే పెడతారు, ఏమీ కాదన్నాడు ప్రదీప్.

"ముప్పయ్యారు వాయిదాలు నా సేత్తో కట్టినాను. నాది కాదంటే, కట్టిందెవులు మరి?"

డబ్బు మళ్లీ కొంగున కట్టుకుని లేచింది. బస్సులో నేను గొణిగాను. ఆవిడ కొంగు ముడి మరోసారి బిగించుకుంది. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు వదిన ఫైనాన్సు ఆఫీసులో బాకీ లేదన్న కాగితం బల్ల మీద పెట్టి, ఫిర్యాదు అందినట్టు ముద్ర వేయించుకునే దాకా కుర్చీ వదల్లేదు. నా ఫోన్లోనే రిపోర్టు కంపెనీకి కూడా ఫిర్యాదు పెట్టి, ఆ కాగితం జతచేశాం. పైసా ఖర్చు కాలేదు. ప్రదీప్ పెట్టించబోయిన అబద్ధమైతే, అప్పు ఆవిడదేనని ఫైనాన్సువాళ్లు ఒక్క ముక్క చెబితే కొట్టుకుపోయేదట. ఫీజు గోవిందా. అది తెలిశాక వదిన ముఖం చూడలేకపోయాను. అక్కడికి మనిషిని తెస్తే ప్రదీప్ నాకు వెయ్యి ఇస్తానన్నాడు మరి. ఆవిడకు ఇంకా చెప్పలేదు.

ఇరవై నాలుగో రోజున రిపోర్టు మారింది. బాకీ సున్నా, అప్పు తీరింది, వాయిదాలన్నీ వేళకు కట్టినట్టు వరసగా కనిపించాయి. ప్రదీప్ చెరిపేస్తానన్నది ఈ వరసనే.

బ్యాంకు మేనేజరు ఆ వరస చూసి, ఈ పాత లారీ లోను మీదేనా అని అడిగాడు.

వదిన కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"నాదే బాబూ. తీర్సీసినాను."