చాయ్ బండికి ఎదురుగా

మా అన్నకు రోడ్డు మీద ఏ చోటు చెప్పమన్నా చాయ్ బండ్లతోనే చెప్తాడు. ట్రాలీ ఆటో నడిపేవాడివి, కిలోమీటరు రాళ్లు ఒక్కసారైనా చూడవెందుకన్నా అని నేను సణిగితే, "రాళ్లు సూసుకుంట నడిపితే రాయికే గుద్దుత" అనేవాడు. చూడకపోయినా గుద్దింది రాతికే. ఆ సంగతే చెప్తున్నాను.

చెరుకు సీజను నడుస్తోంది. నిజామాబాద్‌లో పసుపు పొడి బస్తాలు ఎక్కించుకుని బోధన్‌లోని కిరాణా దుకాణాలకు వెళ్తున్నాడు. ఎడపల్లి దాటాక పొద్దుగూకింది. ముందర ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టర్ల వరుస నిలబడి ఉంది. ఆఖరి ట్రాలీకి వెనక లైటు లేదు. దగ్గరికొచ్చాక గానీ కనబడలేదు. కుడికి తిప్పుదామంటే ఎదురుగా బస్సు. ఎడమకు తిప్పాడు. అక్కడ కల్వర్టు పిట్టగోడ ఉంది. ఆటో ముందు భాగం నుజ్జయింది, అన్నకు నుదురు చిట్లి నెత్తురు కారింది, భుజం దగ్గర ఎముక విరిగింది, బస్తాలు పగిలి పసుపంతా చెల్లాచెదరైంది. జనం వచ్చి ఆసుపత్రికి చేర్చారు. దారికి అడ్డమని ఆ రాత్రే ఆటోను తాళ్లు కట్టి షెడ్డుకు లాగేశారు.

ఆ ఆటోతోనే వాళ్ల ఇల్లు గడుస్తుంది. బీమా క్లెయిము వస్తేనే అది బాగయ్యేది, లేకపోతే పాత ఇనుమే. వదిన నాకు ఫోన్ చేసి ఏడ్చింది. చెయ్యి కట్టుతో ఉన్న అన్న వెంట కాగితాలు పట్టుకుని తిరిగే పని నాకు పడింది.

పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసుకునే హెడ్ కానిస్టేబులు మర్యాదస్తుడు. స్టేషన్‌కు ఏ దిక్కున, ఎంత దూరంలో జరిగిందని అడిగాడు. "చాయ్ బండికి ఎదురుంగ" అన్నాడు అన్న. సాక్షులుగా వచ్చిన ఇద్దరు ట్రాక్టరు డ్రైవర్లు కూడా అదే మాట. మా వాళ్లు ఒక్క మాట మీద నిలబడటం నేను చూసింది అప్పుడే. హెడ్డు కూడా ఆ బండి దగ్గర చాయ్ తాగేవాడే కాబోలు, మారు మాట్లాడకుండా రాసేశాడు. "రోడ్డుకు ఎడమవైపు" అని కూడా చేర్చాడు. ఎటు నుంచి ఎటు పోతుంటే ఎడమ? అది అడగాలని మా ఎవ్వరికీ తోచలేదు.

కొన్నాళ్లకు బీమా కంపెనీ తరఫున నిజామాబాద్ నుంచి సర్వేయరు వచ్చాడు. షెడ్డులో ఆటోను ఫొటోలు తీసుకుని, ఇక చోటు చూపించమన్నాడు. సెల్‌ఫోన్లలో పటాలు అప్పుడప్పుడే వస్తున్నాయి, ఆయన దగ్గర అలాంటి ఫోను ఉంది. ముందురోజే అందులో ఎడపల్లి అని ఊరి పేరు కొట్టి చూశాడట. ఎర్ర పిన్ను వెళ్లి ఊరి నడిమధ్యలో ఎవరి ఇంటి కప్పు మీదనో వాలిందట. ఊరి పేరు కొడితే అది ఊరినే చూపిస్తుంది, గుద్దిన చోటును కాదు, అందుకే మీరు రావాల్సిందే అన్నాడు.

అన్న ధీమాగా ఆయన జీపు ముందు సీట్లో కూర్చుని తోవ చూపించాడు. చాయ్ బండి దగ్గర ఆపించి, "గిదే సార్" అన్నాడు.

సర్వేయరు దిగి అటు చూశాడు, ఇటు చూశాడు. రోడ్డు తాడు గుంజినట్టు నిటారుగా ఉంది. రెండు వైపులా వరి పొలాలు. కల్వర్టు లేదు, గోడ లేదు, కనీసం గట్టి చెట్టు కూడా లేదు.

"దేనికి గుద్దిండ్రన్నా, గాలికా?" అని అడిగాడు.

నాకు నవ్వు రాబోయి, సర్వేయరు ముఖం చూసి ఆగిపోయింది. కాగితాల్లో ఉన్న చోటు, ఆటోకు తగిలిన దెబ్బ ఒకదానికొకటి పొసగడం లేదని రాయాల్సి వస్తుంది, అట్లా రాస్తే క్లెయిము నిలబడదు అని మెల్లగా చెప్పాడు.

నేనే చాయ్ బండి అతన్ని పట్టుకున్నాను. ఇదివరకు ఎక్కడుండేవాడివయ్యా అంటే, ట్రాక్టర్ల వరుస తోక ఎక్కడుంటే అక్కడ అన్నాడు. వరుస చివర నిలబడ్డ డ్రైవర్లే పూటంతా కదలకుండా చాయ్ తాగుతారు, వాళ్లే అతని గిరాకీ. చెరుకు ఎక్కువొస్తే తోక నిజామాబాద్ వైపు జరుగుతుంది, తక్కువొస్తే బోధన్ వైపు. బండి కూడా దాని వెంటే. ఈ మధ్య చెరుకు తగ్గిందని బోధన్ వైపు జరిగాడట. మేం పోలీసులకు ఆనవాలుగా చెప్పింది చక్రాల మీద తిరిగే దాన్ని! నాకొచ్చిన కోపానికి అన్న కట్టు కట్టిన చెయ్యి ఒక్కటే అడ్డు.

సర్వేయరు ఓపికగల మనిషి. నిజామాబాద్ వైపు మెల్లగా నడుపుతూ ఒక్కో కల్వర్టు దగ్గర దిగి చూశాడు. మొదటిది క్షేమంగా ఉంది. రెండోదాని పిట్టగోడ మూల విరిగి ఉంది. కానీ దాన్ని చూసి మేం ముగ్గురం ఆగిపోయాం. విరిగిన రాతి నిండా పసుపు, నడుమ కుంకుమ బొట్టు, మీద బంతిపూలు, కింద అగర్బత్తి పుల్లలు.

"మన పసుపే అక్కా," అన్నాడు అన్న, నేను చెల్లెలినన్న సంగతి కూడా మరిచి. మాది మెథడిస్టు కుటుంబం. ఆదివారం చర్చికి ఆలస్యంగా వెళ్లే మా అన్న, తన పసుపుతో రోడ్డు మీద ఓ దేవతను వెలయించాడని చెవిలో అంటే, ఊరుకో అని కసిరాడు.

సర్వేయరు చెప్పులు విప్పి మరీ టేపు పట్టాడు. నిజామాబాద్ నుంచి బోధన్ పోతుంటే ఎడమవైపు అని ముందు రాసుకున్నాడు. వెనకనున్న కిలోమీటరు రాయి నుంచి కల్వర్టుకు ఎన్ని మీటర్లో కొలిచాడు. గోడ మీద రంగుతో రాసిన కల్వర్టు నంబరు ఎక్కించాడు. చాయ్ బండ్లు జరుగుతాయి గానీ ఇది జరగదు కదమ్మా అన్నాడు. తర్వాత కల్వర్టు పక్కనే నిలబడి, ఫోను ఆకాశం వైపు పట్టుకుని కాసేపు ఆగాడు. పిన్ను మొదట పొలంలో తచ్చాడి, నెమ్మదిగా రోడ్డు మీదికొచ్చి కుదురుకుంది. దాని అక్షాంశ రేఖాంశాల అంకెలు కూడా రాసుకున్నాడు. స్టేషన్లో ఒకసారి రాసింది దిద్దరు, ఇవే వివరాలతో మళ్లీ ఒక వాంగ్మూలం ఇచ్చి రమ్మన్నాడు. మేం అట్లాగే ఇచ్చాం, ఆ తర్వాత క్లెయిము వచ్చింది, ఆటో రోడ్డెక్కింది.

కానీ ఆ పూట కల్వర్టు దగ్గర ఇంకో చిక్కు మిగిలింది. ఆటో రంగు గోడకు అంటిందో లేదో ఫొటో కావాలి. అంటి ఉంటే అది బొట్టు కిందే ఉంటుంది. తుడవడానికి సర్వేయరుకు చెయ్యి రాలేదు. మేం క్రైస్తవులం, మేం తుడిస్తే ఇంకేమైనా ఉందా! ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం.

పొలంలోంచి ఒక అవ్వ గడ్డిమోపుతో వచ్చింది. పూజ ఆమెదేనట. సంగతి విని మోపు దించి, కొంగుతో రాతిని గట్టిగా తుడిచేసింది. కింద అన్న ఆటో నీలం రంగు గీతలు గీతలుగా బయటపడింది. సర్వేయరు గబగబా ఫొటోలు తీశాడు.

"నీ దేవతను తుడిపించినం అవ్వా, ఏమనుకోకు," అన్నాడు అన్న.

"దేవత ఏంది కొడుకా," అంది అవ్వ కొంగు దులుపుకుంటూ. "పొద్దుగాల వచ్చి సూస్తే రాయి పలిగింది, పసుపు సిందింది, నడుమ నెత్తురు. మనిషి లేడు. ఎవరో ఏమో, ఎవ్వళ్ల కొడుకో, బతకాలె అని బొట్టు వెట్టిన. గంతే. బతికిండో లేదో ఎవ్వలు జెప్పలే, అందుకే రోజు పూలు వెడుతున్న."

అన్న ఆ విరిగిన గోడ మీద కూలబడి, మంచి చెయ్యితో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నేనే అవ్వా," అన్నాడు. "బతికిన."