నేను వేయని రాగి ఆర్డరు

చిలకలగూడలో, ఒక మందుల షాపు పైన, మొదటి అంతస్తులో మా బ్రోకర్ ఆఫీసు ఉండేది. నేను అక్కడ డీలర్‌ని. క్లయింట్లు చెప్పిన కొనుగోళ్లు, అమ్మకాలు కంప్యూటర్లో వేయడం నా పని. మా వాళ్లు తెనాలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. డిగ్రీ అవగానే చేరిన ఉద్యోగం కాబట్టి అందులోని మంచి చెడ్డలు నాకు కస్టమర్ల దగ్గరే తెలిశాయి.

వాళ్లలో ఒక రిటైరైన లెక్కల లెక్చరర్ ఉండేవారు. బోయిగూడలో ఉండేవారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు మా ఆఫీసు. ఉదయం పది గంటలకు మార్కెట్ తెరిచేలోపే వచ్చి, గ్రాఫు కాగితాల పుస్తకం తెరిచి, ఆ రోజు ఏం వేయాలో చదివి చెప్పేవారు. రాగి, జింకు, ముడి చమురు, బంగారం, వెండి, మిరియాలు, పసుపు, షేర్ల సూచీ, ఇలా పదీ పన్నెండు రకాలు. ఆయన నియమం ఒక్కటే. యాభై రోజుల్లో ఎన్నడూ లేనంత పైకి ధర వెళితే కొనడం, అంత కిందికి పోతే అమ్మడం. దగ్గర సరుకు లేకపోయినా ఫ్యూచర్స్‌లో, అంటే ముందు తేదీకి కుదుర్చుకునే బేరాల్లో, ముందు అమ్మి, తర్వాత కొని తేల్చుకోవచ్చు. ధర తిరగబడితే వెంటనే బయటికి. ఏ ఒక్కటి తప్పినా పెద్దగా నొప్పి తెలియనంత చిన్న చిన్న బేరాలు, మా మాటల్లో సౌదాలు.

నేను చేరిన మొదటి ఏడాది ఆయన పద్ధతి బాగానే నడిచింది. అది చూసి నేనూ నా జీతంలో మిగిలింది ఆయన వెనకే పెట్టాను. తర్వాత ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పసుపు పైకి లేస్తే కొనేవారు, వారం తిరక్కుండానే పడిపోయేది. జింకు అమ్మితే మర్నాటి నుంచి పెరిగేది. ఒక ఎండాకాలం మార్కెట్లన్నీ రెండు మూడు రోజుల్లో ధబాలున పడి, మళ్లీ లేచాయి. ఆయన కొని ఉన్నవాటిలో నష్టంతో బయటపడ్డారు, పడ్డాయి కదా అని అమ్మగానే ధరలు లేచాయి. రెండు వైపులా దెబ్బ.

"రెండేళ్లయింది సార్, ఉన్నచోటే ఉన్నారు," అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

"ఉన్నచోట కూడా లేనమ్మా, కాస్త కిందే ఉన్నాను," అన్నారు. "కొంచెం పెరగగానే అమ్మేవాళ్లు, కొంచెం తగ్గగానే కొనేవాళ్లు ఉన్నప్పుడు ధర ఎటూ నడవదు. నేను పైన కొని కింద అమ్ముతాను. ప్రతిసారీ కాస్త పోతుంది. ఎప్పుడో ఒకటి దూరం నడిస్తే అవన్నీ పూడతాయి. అది ఏ సరుకులో, ఎప్పుడు వస్తుందో తెలిస్తే ఇన్నిట్లో ఎందుకు వేస్తాను?"

నాకు సమాధానం నచ్చింది గాని ఓపిక లేదు. ఆ నెలలోనే నా డబ్బు వెనక్కి తీసుకున్నాను.

ఆ వర్షాకాలం ఆయన కంటికి ఆపరేషన్ అయింది. ఇల్లు కదలొద్దన్నారు డాక్టర్లు. ఆయన భార్య రోజూ పేపర్లో ధరలు చదివి వినిపిస్తే, ఆయన నాకు ఫోన్ చేసి ఆర్డర్లు చెప్పేవారు. ఒక ఉదయం అన్నారు: "రాగి అమ్మేయమ్మా."

సరేనన్నాను. వేయలేదు.

అంతకు ముందు రాగిలో ఆయన నాలుగుసార్లు నష్టపోవడం నా చేతులతోనే జరిగింది. ఇది ఐదోది. కళ్లకు కట్టుతో పడుకున్న మనిషికి ఇంకో నష్టం తప్పిద్దామనుకున్నాను. దయ అనుకున్నాను దాన్ని.

మర్నాడు ఫోన్ చేసి, "రాగి ఎంతకు పోయింది?" అని అడిగారు. అప్పటికి ధర బాగా పడిపోయింది. "వేయలేదు సార్. మళ్లీ డబ్బు పోతుందేమోనని భయమేసింది," అన్నాను.

"భయమేసిన రోజున కూడా వేయడానికే కదమ్మా నియమం," అన్నారు. "ఈ రెండేళ్లు పోగొట్టుకున్నదంతా ఇలాంటి ఒక్కదాని కోసం. అదే వదిలేస్తే నాకు మిగిలేది నష్టాలే. ఇవాళ్టి ధరకు అమ్మెయ్. కిందికి పోయిందని ఆగకు. ఆలస్యమైంది కాబట్టి సగమే వెయ్."

మా యజమానికి ఆయన ఫిర్యాదు చేయలేదు. కాని ఆ రోజు నుంచి ఏ ఆర్డరు చెప్పినా, వేశాక నాచేత తిరిగి చదివించుకునేవారు. ఆ శిక్ష చాలు నాకు.

ఆ తర్వాత కొన్ని వారాలకే విదేశాల్లో బ్యాంకులు కూలుతున్నాయన్న వార్తలు మొదలయ్యాయి. రాగి, జింకు, చమురు, షేర్ల సూచీ, అన్నీ ఒకే దిక్కుగా కిందికి. బంగారం మాత్రం అటూ ఇటూ ఊగి ఆయనకు ఏమీ ఇవ్వలేదు. మిగతా వాటిలో ఆయన అప్పటికే అమ్మి ఉన్నారు.

మా దగ్గరే ఇంకో క్లయింటు, రాణీగంజ్‌లో మోటార్ల వైండింగ్ తీగ అమ్మే షాపాయన. షాపునిండా రాగి, పైగా ఫ్యూచర్స్‌లో కొన్న రాగి. పడినప్పుడల్లా ఇంకొంచెం కొనేవాడు.

"గింత పడ్డంక ఇంకేం పడ్తది అక్కా? జెర ఆగు, రేపు లేస్తది," అనేవాడు.

లేవలేదు. మార్జిన్, అంటే నష్టానికి పూచీగా ఉంచాల్సిన డబ్బు, కట్టమని నేనే ఫోన్ చేయాల్సి వచ్చింది. రెండుసార్లు తెచ్చాడు. మూడోసారి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "ఇంట్ల సుత ఏం లేదక్కా. పరేషాన్ల ఉన్న. నువ్వే తీసెయ్," అన్నాడు. అతను చూస్తుండగానే సౌదాలన్నీ మూసేశాను. ఆ అమ్మకాలతో ధర ఇంకో మెట్టు దిగడం తెరమీద ఇద్దరం చూశాం.

లెక్చరర్‌గారు నల్లద్దాలు పెట్టుకుని ఆ వారమే మళ్లీ ఆఫీసుకు వచ్చారు. రెండేళ్ల లోటు పూడి పైన మిగిలింది. మొహంలో సంతోషం మాత్రం లేదు. తీగ షాపాయనకు జరిగింది చెప్పాను.

"ముందే కనిపెట్టారు సార్ మీరు," అన్నాను.

"ఏమీ కనిపెట్టలేదు. అతనిలా కొన్నవాళ్లు మార్జిన్ కట్టలేక అమ్ముతారు. దానితో ధర పడి ఇంకొకళ్లు అమ్మాల్సి వస్తుంది. రాగిలో పోయినవాడు డబ్బు కోసం చమురు అమ్ముకుంటాడు. ఇదంతా అయ్యేసరికి నెలలు పడుతుంది. అన్ని నెలలుంటే నాలాంటి నిదానపు మనిషి కూడా అందుకుంటాడు. రెండ్రోజుల్లో పడి లేచే కష్టంలో నేనూ మునుగుతాను, చూశావుగా." మళ్లీ ఆయనే అడిగారు: "షాపు ఉందా అతనికి?"

"ఉంది సార్. సరుకు సగం ధరకు అమ్ముకుంటున్నాడట."

ఆయన గ్రాఫు కాగితాల పుస్తకం తెరిచారు. ఆ రోజు కొత్త ఆర్డర్లు రెండు ఉన్నాయి. రెండూ చెప్పారు, వేసి చదివి వినిపించాను.

వేసవికల్లా ధరలు వెనక్కి తిరిగాయి, ఆయన లాభంలో కొంత పోయింది. మళ్లీ మొదలైంది పాత కథ, ఇటు కొంచెం, అటు కొంచెం. ఈసారి నేను కూడా మళ్లీ ఆయన వెనక డబ్బు పెట్టి, ఆ నిశ్శబ్దపు ఏళ్లన్నీ బయటికి రాకుండా ఉన్నాను. తీగ షాపాయన ఫ్యూచర్స్ మానేశాడు. ఒకసారి మా ఇంట్లో నీళ్ల మోటారు కాలిపోతే తీగ కోసం అతని దగ్గరికే వెళ్లాను. మంచి తీగ తూచి ఇచ్చాడు. రాగి ధర గురించి అతను అడగలేదు, నేను చెప్పలేదు.